మూసాపేట కిరాణా కొట్ల నుంచి సుధీర్‌కి

ఒరేయ్ సుధీర్,

వచ్చే నెల నువ్వు కూడా యూజర్ రీసెర్చ్ ఇంటర్న్‌గా చేరుతున్నావని మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది రా. "ఇంటర్వ్యూలంటే మనుషులతో మాట్లాడటమే కదా, అందులో అంత నేర్చుకునేదేముంది" అని అడిగావు. మొదటి వారం నేనూ అలాగే అనుకున్నాను. ఫోన్‌లో చెబితే ముక్కలు ముక్కలుగా వస్తుంది, అందుకని ఈ రెండు నెలల్లో నేను చేసిన ఒక్క పని గురించే తీరిగ్గా రాస్తున్నాను.

మా కంపెనీది కిరాణా కొట్లవాళ్ళు అరువు లెక్కలు రాసుకునే యాప్. కొట్టువాళ్ళు ఉత్సాహంగా వేసుకుంటారు, మొదటి వారం నాలుగైదు పేర్లు ఎక్కిస్తారు, తర్వాత మెల్లగా ఆపేస్తారు. ఎందుకు ఆపేస్తున్నారో కనుక్కోమని నన్ను పంపారు. టీమ్‌లో చాలామంది ముందే ఒక మాట అనేసుకున్నారు, యాప్‌లో ఇంగ్లీషు ఎక్కువైంది, అందుకే వాడటం లేదు అని. ఆ మాట నా చెవిలో పడటమే నా మొదటి ఇంటర్వ్యూని పాడుచేసింది.

మూసాపేటలో మొదటి కొట్టుకి వెళ్ళి పేరు, పని చెప్పుకుని, రికార్డ్ చేసుకోవచ్చా అని అడిగి, వెంటనే "యాప్‌లో ఇంగ్లీషు వల్ల ఇబ్బందిగా ఉందా అండీ?" అన్నాను. ఆయన "అవును సార్, తెలుగులో ఉంటే మంచిగుండు" అన్నాడు. "తెలుగులో పెడితే వాడతారా?" అంటే "ఎందుకు వాడం సార్, వాడుతం" అన్నాడు. ఇరవై నిమిషాల్లో ఇంటర్వ్యూ అయిపోయింది, నేను అనుకున్నదే దొరికిందని ఆనందంగా ఆఫీసుకొచ్చాను. రికార్డింగ్ విన్న మా సీనియర్ అక్క ఒక్కటే అడిగింది: "ఇందులో ఆయన చేసిన పని ఒక్కటైనా ఉందా?" లేదు రా. ఇంగ్లీషు అన్న మాట నేనే తెచ్చాను, ఆయన మర్యాదకి ఔనన్నాడు. రేపు వాడతారా అన్నదానికి కూడా, మన ఊళ్ళో ఎదురుగా నిలబడ్డ మనిషికి "వాడను" అని ఎవరు చెబుతారు?

ఆ రాత్రి ప్రశ్నలన్నీ తిరగరాశాను. యాప్ ఊసు లేకుండా మొదలుపెట్టాలి, జరిగిపోయిన ఒక్క సంఘటన పట్టుకుని అడగాలి. "నిన్న సాయంత్రం చివరగా అరువు ఎవరికి ఇచ్చారు? ఏం తీసుకెళ్ళారు? అప్పుడు ఎక్కడ రాసుకున్నారు?" అని. "మామూలుగా ఎలా రాస్తారు" అని అడిగితే మనిషి ఎలా రాయాలనుకుంటాడో అది చెబుతాడు. నిన్నటిది అడిగితే మాత్రం గుర్తు తెచ్చుకోక తప్పదు. రెండో కొట్టులో ఈ ప్రశ్న వేయగానే ఆయన కౌంటర్ కింద నుంచి అగరుబత్తి డబ్బా చింపిన అట్టముక్క తీశాడు. దాని మీద "ఆటో అన్న 85, పైన రూం పిల్లలు 140, తెల్ల స్కూటీ 60" అని రాసుంది. ఫోటో తీసుకోవచ్చా అని అడిగి తీసుకున్నాను. నా మొత్తం పనిలో దానికి మించిన సాక్ష్యం ఇంకోటి లేదు.

ఆ అట్టముక్క చూసి "యాప్‌లో ఎందుకు ఎక్కించలేదు" అని అడగబోయి ఆగిపోయాను. "ఎందుకు చేయలేదు" అంటే తప్పు పట్టినట్టు ఉంటుంది, మనిషి వెంటనే సర్దిచెప్పుకోవడం మొదలుపెడతాడు. దాని బదులు "ఈ తెల్ల స్కూటీ లెక్క ఇప్పుడు ఫోన్‌లో ఎక్కించి చూపిస్తారా?" అన్నాను. ఆయన యాప్ తెరిచాడు, కొత్త ఖాతా నొక్కాడు, అది ముందు ఫోన్ నంబర్ అడిగింది. వేలు అక్కడే ఆగిపోయింది. నేను ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఆయనే అన్నాడు: "పాల ప్యాకెట్‌కి నంబర్ ఎవరిస్తరు సార్? మనిషి గుర్తుంటడు, నంబరేడుంటది." ఆ కాసేపట్లో నేను నోరు తెరిచి ఉంటే ఈ వాక్యం నాకు దొరికేది కాదు. మౌనం చాలా ఇబ్బందిగా ఉంటుంది రా, మనకి ఖాళీని మాటలతో నింపడం అలవాటు. నేను మనసులో పది వరకు లెక్కపెట్టుకుంటాను.

ఇంకో విషయం, ఎవరితో మాట్లాడుతున్నావో ముందే చూసుకో. సేల్స్ వాళ్ళు ఇచ్చిన లిస్టులో మొదటి ముగ్గురూ ఇప్పటికీ యాప్ వాడుతున్నవాళ్ళే, అంటే వాళ్ళతో బాగా ఉండేవాళ్ళే. మనకి కావలసింది ఆపేసినవాళ్ళు. అందుకని ముందు ఫోన్ చేసి "చివరిసారి యాప్ ఎప్పుడు తెరిచారు" అని ఒక్క ప్రశ్న అడిగి, నెల దాటినవాళ్ళనే ఎంచుకున్నాను. నా ప్రశ్నలతో పాడైన మొదటి ఇంటర్వ్యూని పక్కన పెట్టేసి, కొత్తగా ఆరు కొట్లు లెక్కలోకి తీసుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య బేరాలు తక్కువ, అప్పుడు మాట్లాడతారు. ఇరవై నిమిషాలనుకున్నది గిరాకీ వస్తూ పోతూ ఉంటే అరగంట దాటుతుంది. ఆ మధ్యలో వచ్చే గిరాకీని అడ్డంకి అనుకోకు, అరువు ఎలా నడుస్తుందో నీ కళ్ళముందే కనిపిస్తుంది.

ఇక నోట్స్ సంగతి, నిజంగా కష్టమైంది ఇక్కడే. పేజీ మధ్యలో గీత గీసుకుంటాను. ఎడమ వైపు వాళ్ళన్న మాట ఉన్నది ఉన్నట్టు, వాళ్ళు చేసిన పని. కుడి వైపు నాకు అనిపించింది. "నంబరేడుంటది" ఎడమ వైపు, "నంబర్ అడగడం వల్లే ఆగిపోయాడేమో" కుడి వైపు. ఇవి కలిసిపోతే వారం తర్వాత ఏది ఆయనదో ఏది నాదో నాకే తెలియదు. కొట్టు నుంచి బయటికి రాగానే పక్కనున్న టీ బండి దగ్గర పావుగంట కూర్చుని ఖాళీలు పూరించేస్తాను, ఎందుకంటే రెండో ఇంటర్వ్యూ అయ్యేసరికి మొదటిది దానితో కలిసిపోతుంది. రికార్డింగ్ ఉంది కదా అనుకోకు, వేలు ఎక్కడ ఆగిందో రికార్డింగ్‌లో వినిపించదు.

ఆరు ఇంటర్వ్యూలకి దాదాపు నూట నలభై నోట్స్ వచ్చాయి. ఒక్కో విషయం ఒక్కో చీటీ మీద, మూలన కొట్టు నంబర్ వేసి, గోడకి అంటించాను. మొదట నేను చేసిన గుంపులకి పెట్టిన పేర్లు ఇవీ: భాష, ఫోన్ నంబర్, సమయం, రిమైండర్లు. అక్క వచ్చి చూసి "ఇవి అల్మారాలో అరల పేర్లు. ఏ అరలో ఏముందో చెప్పావు, ఏం తెలిసిందో చెప్పలేదు" అంది. ప్రతి గుంపుకీ పూర్తి వాక్యం పేరుగా పెట్టమంది. వాక్యం రాయబోతేనే గుంపు సరిగ్గా లేదని తెలుస్తుంది. "సమయం" గుంపులో చీటీలు రెండు రకాలు: సాయంత్రం రద్దీలో టైమ్ లేక రాయనివి కొన్ని, రాత్రి కొట్టు కట్టేశాక అట్టముక్క చూసి ఎక్కిద్దామనుకుని వదిలేసినవి కొన్ని. రద్దీ చీటీలు నిజానికి ఫోన్ నంబర్ గుంపులోవే. యాప్ వాడినన్నాళ్ళూ పాత ఖాతా అయితే రద్దీలో కూడా ఎక్కించేవాళ్ళు, కొత్త మనిషి వచ్చినప్పుడే ఆగిపోయేవాళ్ళు.

మొదట నేను రాసిన ఫైండింగ్: "యాప్ వాడటం కష్టంగా ఉంది." దీనితో ఎవరు ఏం చేయగలరు? నాలుగుసార్లు మార్చాక ఇలా నిలిచింది: "సాయంత్రం రద్దీలో కొత్త మనిషికి అరువు ఇచ్చేటప్పుడు కొట్టువాళ్ళు యాప్ వదిలేసి కాగితం మీద రాస్తున్నారు. యాప్ ముందు నంబర్ అడుగుతోంది, వాళ్ళకి ఆ మనిషి ముఖమో బండో గుర్తుంటుంది తప్ప నంబర్ ఉండదు. ఆరుగురిలో ఐదుగురు." కింద అట్టముక్క ఫోటో, ఇద్దరి మాటలు. ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తున్నారు, ఎందుకు అన్నది అందులో ఉంది. ఏం చేయాలి అన్నది మాత్రం లేదు, దాన్ని విడిగా రాశాను, ఎందుకంటే నా పరిష్కారం నచ్చకపోయినా విషయం మాత్రం నిలవాలి.

ఆ ఆరో మనిషిని దాచేయాలని నాకూ అనిపించింది, అతనికి నంబర్ అసలు సమస్యే కాదు. మళ్ళీ రికార్డింగ్ విన్నాను. అతని కొట్టు అపార్ట్‌మెంట్ల మధ్య ఉంది, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటాడు, అందరి నంబర్లూ ఫోన్‌లోనే ఉన్నాయి. అంటే అతను మన ఫైండింగ్‌ని కాదనడం లేదు, అది ఎక్కడివరకు వర్తిస్తుందో చెబుతున్నాడు. అతన్ని అలాగే రిపోర్టులో పెట్టాను. ఐదుగురిని "83 శాతం" అని స్లైడ్‌లో వేద్దామని ఒకాయన అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఒకే ఏరియాలో ఆరుగురితో మాట్లాడి శాతం వేస్తే చదివినవాళ్ళు ఊరంతా లెక్కపెట్టామనుకుంటారు.

ఒక మాట దగ్గర మాత్రం చాలా అవస్థ పడ్డాను రా. బాకీ ఉన్నవాళ్ళకి యాప్ తనంతట తానే రిమైండర్ మెసేజ్ పంపుతుంది. ఇద్దరు కొట్టువాళ్ళు అందుకే దగ్గరివాళ్ళ పేర్లు ఎక్కించడం మానేశామన్నారు. ఒకావిడ మాట: "పైసలకి మెసేజ్ పోతే మళ్ళ కొట్టుకి వస్తరా? మొహమాటం ఉంటది కదా." రిపోర్టు ఇంగ్లీషులో రాయాలి. సిగ్గు అని రాస్తే ఆవిడ పిరికిది అన్నట్టుంది, భయం అని రాస్తే ఇంకా తప్పు. చివరికి మొహమాటం అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, అర్థానికి బదులు ఆవిడ చెప్పిన సంఘటన రాశాను: పక్కింటి టీచరమ్మకి 320 బాకీ మెసేజ్ వెళ్ళింది, ఆవిడ ఆ సాయంత్రమే డబ్బులిచ్చేసింది, తర్వాత పది రోజులు ఎదురు కొట్టుకి వెళ్ళింది. ఢిల్లీలో ఉండే మా ప్రొడక్ట్ మేనేజర్‌కి అది చదవగానే అర్థమైంది. ఇద్దరే చెప్పారు కాబట్టి దీన్ని గట్టి ఫైండింగ్‌గా కాక, ఇంకా అడగాల్సిందిగా పెట్టాను.

ఇంగ్లీషు గురించా? ఆరుగురిలో ఎవ్వరూ తమంతట తాము ఆ ఊసే ఎత్తలేదు. అంకెలు, పేరు తప్ప వాళ్ళు చదివేది ఏమీ లేదక్కడ. దీని అర్థం తెలుగు అక్కర్లేదని కాదు, వీళ్ళు ఆపేయడానికి కారణం అది కాదని మాత్రమే. ఈ రెండూ వేరని టీమ్‌కి చెప్పడానికి నాకు పూర్తిగా ఒక మీటింగ్ పట్టింది.

ఇప్పుడు నంబర్ లేకుండా పేరుతోనే ఖాతా తెరిచేలా ట్రయల్ వెర్షన్ చేశారు. మంగళవారం సాయంత్రం ఏడు గంటలకి, రద్దీ టైమ్‌లోనే, ఆ అట్టముక్క ఆయన కొట్టు దగ్గర ఓ మూల నిలబడి చూడబోతున్నాను. నీ మొదటి ఇంటర్వ్యూకి ప్రశ్నలు రాసుకున్నాక నాకు పంపు రా, "వాడతారా" అన్న మాట ఎక్కడెక్కడ ఉందో నేను గీతలు కొట్టి పంపిస్తాను.

నీ,
కిరణ్