అడ్వాన్స్ తిరిగిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మగారి ఇంటిని ఆనుకుని ఉన్న 200 గజాల స్థలానికి మా బావగారు అగ్రిమెంట్ రాయించుకుని 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చారు. రేటు పెరగగానే అమ్ముతానన్న ఆయన "వడ్డీతో సహా డబ్బు తీసుకుని వదిలేయండి" అన్నారు. చాలామంది ఇక్కడే రాజీపడిపోతారు.

అలా ఒప్పుకోనక్కర్లేదు. బియ్యం బస్తా అయితే ఆ డబ్బుతో మరో కొట్లో కొనుక్కోవచ్చు. అమ్మ గోడ పక్క స్థలం మరోచోట దొరకదు. అందుకే స్థిరాస్తి విషయంలో నష్టపరిహారం చాలదని చట్టం మొదటినుంచీ భావిస్తూ వచ్చింది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి చేసిన, 2018 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన సవరణతో, చట్టంలోని మినహాయింపులు వర్తించకపోతే, ఒప్పందాన్ని అమలు చేయించడం కోర్టు ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు.

అయితే మిగతా సొమ్ము కట్టడానికి మొదటినుంచీ సిద్ధంగా ఉన్నట్టు కొనేవారే రుజువు చేయాలి. చాలా కేసులు పోయేది ఇక్కడే. మా బావగారిని నిలబెట్టింది బ్యాంకు పాస్‌బుక్, గడువులోపే పంపిన లాయర్ నోటీసు. దావాతోపాటే స్థలాన్ని వేరేవాళ్లకు అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కూడా అడిగారు. రిజిస్ట్రేషన్‌కు పెట్టుకున్న తేదీ నుంచి మూడేళ్లు దాటితే దావాకు కాలదోషం పడుతుంది. అడ్వాన్స్ వాపసును ప్రత్యామ్నాయంగా దావాలోనే అడగాలి, అడగనిది కోర్టు ఇవ్వదు.

– ఒక పాఠకుడు