హోర్డింగులపై బస్సంత కొంగలు

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం ఫొటోతో ఈమధ్య మా విజయవాడలో ఒక పెద్ద హోర్డింగు వెలిసింది. ఆకాశం బోసిగా ఉందని కాబోలు, దాని మీద ఓ కొంగల గుంపును అతికించారు. ఇరవై ఏళ్లకు పైగా ఫొటో ఎడిటింగ్ పనిలోనే ఉన్నాను కాబట్టి దాన్ని చూసి ఊరుకోలేకపోయాను. అది జనం డబ్బుతో, జనానికి ఊరు చూపించడానికి పెట్టిన బొమ్మ. అలంకారం కోసం పక్షులను కలపడాన్ని నేను తప్పుపట్టడం లేదు, కలిపిన తీరు గురించే నా బాధ.

ఆ గుంపులో రెండు కొంగలు బ్యారేజీ మీది దీపస్తంభం వెనక నుంచి పోతున్నట్టు పెట్టారు. అంటే అవి బ్యారేజీకి అవతల ఉన్నట్టే లెక్క. కానీ వాటి రెక్కల వెడల్పు కిందనే వెళ్తున్న బస్సు పొడవంత ఉంది! మన తెల్లకొంగ రెక్కలు పూర్తిగా చాచినా మూడు అడుగులకు అటూ ఇటూగా ఉంటుంది. దగ్గరి పక్షి కాబట్టి పెద్దగా కనిపిస్తోందని సర్దుకుందామన్నా, స్తంభం వెనక ఉన్నది దగ్గరిది ఎలా అవుతుంది?

కొలత సరిచూడటం కష్టమేమీ కాదు. పక్షిని ఎంత దూరంలో ఉంచాలనుకున్నామో, ఫొటోలో అంతే దూరంలో మనకు తెలిసిన కొలత ఏదైనా దొరికితే చాలు. ఘాట్ నుంచి తీసిన ఒక ఫొటోలో, పడవలో నిలబడ్డ మనిషి 60 పిక్సెళ్ల ఎత్తు ఉన్నాడనుకుందాం. మనిషి అయిదున్నర అడుగులైతే అడుగుకు సుమారు 11 పిక్సెళ్లు. పడవకు నేరుగా పైన ఎగిరే కొంగ రెక్కల వెడల్పు 33 పిక్సెళ్లు మించకూడదు. ఇంకా రెట్టింపు దూరంలో ఉన్నదైతే అందులో సగమే. అంత చిన్నగా పెడితే ఏం కనిపిస్తుందని కస్టమర్లు అడుగుతారు. నిజంగా ఘాట్ మీద నిలబడి చూసినా అంతే కనిపిస్తుందని వాళ్లకు చెప్పాలి.

రెక్కల కదలిక దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరిగింది. ఆ హోర్డింగులో కృష్ణ నీళ్లు పాలలా నున్నగా పరుచుకుని ఉన్నాయి. కెమెరా షట్టర్ కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే తప్ప ఫొటోలో నీళ్లు అలా రావు. అంతసేపట్లో ఎగిరే కొంగ ఫ్రేములో ఒక మసక చారగా మిగులుతుంది, లేదా అసలు కనిపించదు. అలాంటి నీళ్ల మీద ఈకలు లెక్కపెట్టగలిగేంత స్పష్టమైన కొంగలు ఎలా వస్తాయి? అలాంటి ఫొటోలో ఆకాశాన్ని ఖాళీగా వదిలేయడమే సరైన పని.

షట్టర్ వేగం 1/30 సెకను అయితే లెక్క వేరు. కొంగ సెకనుకు సుమారు పది మీటర్లు పోతుందనుకుంటే, ఆ కాస్త వ్యవధిలో ఒక అడుగు కదులుతుంది. మన పడవ ఫొటోలో అది 11 పిక్సెళ్లు. ఫొటోషాప్‌లో కదలిక మసకను తెచ్చే Motion Blur తీసుకుని Distance దగ్గర 11 ఇచ్చి, Angle ను పక్షి పోయే దిక్కుకు తిప్పాలి. ఇది కెమెరాకు అడ్డంగా పోయే పక్షి లెక్క. మన వైపు వచ్చేదానికి ఇంకా తక్కువ సరిపోతుంది. రెక్కల చివరలు ఒంటి కంటే వేగంగా ఆడతాయి కాబట్టి వాటికి విడిగా ఇంకొంచెం ఇవ్వాలి. అదే 1/250 అయితే కదలిక ఒకటి రెండు పిక్సెళ్లు దాటదు. ఫైలులోనే షట్టర్ వేగం నమోదై ఉంటుంది, చూసుకోవడానికి నిమిషం పట్టదు.

గుంపు సంగతి చూస్తే, ఒకే కొంగను కాపీ చేసి వరుసగా పేర్చేశారు. అన్నిటికీ రెక్కలు ఒకేసారి పైకి లేచి ఉన్నాయి, మధ్య ఖాళీలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. సాయంత్రం గూళ్లకు పోయే కొంగల్లో నాలుగైదు దగ్గరదగ్గరగా పోతాయి, తర్వాత ఖాళీ వస్తుంది, ఒకటో రెండో వెనకబడతాయి. ఒకదాని రెక్క పైకి ఉంటే పక్కదానిది కిందికి ఉంటుంది. ఇంకో విషయం, కొంగ ఎగిరేటప్పుడు మెడను వెనక్కి ముడుచుకుంటుంది. హోర్డింగులోని పక్షులు మెడ ముందుకు చాచి ఉన్నాయి. ఎవరో బాతుల బొమ్మలు అచ్చువేసే ఫొటోషాప్ బ్రష్ తెచ్చి కొంగలని వేసేశారన్నమాట. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులనూ కొంగలనూ చూసి పెరిగే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

పనులు అప్పగించే అధికారులకు నా విన్నపం ఇది. ముద్రణకు పంపేముందు అసలు ఫొటో ఫైలును కూడా డిజైనర్ నుంచి అడిగి తీసుకోండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పక్షులను కలిపితే బొమ్మ మూలన ‘కూర్పు చిత్రం’ అని కనిపించేలా రాయించండి. మీ పత్రికలో పాఠకుల ఫొటోలు వేసే పేజీకి కూడా ఇదే నియమం పెట్టమని కోరుతున్నాను. వార్తా ఫొటోలకైతే ఒక్క పక్షిని కలపడం కూడా కుదరదు. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చిత్రానికి ఏదైనా చేర్చినా, తీసేసినా ఒప్పుకోరు, అసలు ఫైళ్లు తెప్పించుకుని మరీ పరిశీలిస్తారు.

ఇట్లు,
ఒక ఫొటో ఎడిటర్,
గవర్నర్‌పేట, విజయవాడ