మీ టూర్ బిల్లు ఎలా వచ్చింది, అందులో మేం ఏం మార్చాం

"తలకి 20 వేలన్నారు, గుంపుగా వస్తే 10 శాతం తగ్గింపన్నారు. పిల్లలకి సగమే ఉంటుంది కదా. ఆ లెక్కన తొమ్మిది మంది పెద్దవాళ్లకి, ఇద్దరు పిల్లలకి కలిపి 1,80,000 రావాలి. బిల్లులో 1,93,000 ఎందుకుంది?"

మా టూర్‌కి వచ్చిన ఒక కుటుంబం తరఫున ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. తేడా 13 వేలు. అందులో 4 వేలు మా లెక్కలో లోపం, అది వాళ్లకి తిరిగి ఇచ్చేశాం. మిగతా 9 వేలకి కారణముంది. ఈ రెండూ మా దగ్గర బుక్ చేసుకునే ప్రతి ఒక్కరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ 20 వేలు ఎక్కడిదో చెప్తాను. ఐదు రాత్రుల టూర్. బస్సు, డ్రైవరు, గైడు కలిపి మాకయ్యే ఖర్చు 1,20,000. బస్సులో ఇరవై మంది ఉన్నా, నలభై మంది ఉన్నా ఈ ఖర్చు మారదు. కనీసం ఇరవై మంది వస్తారనుకుని దాన్ని పంచితే తలకి 6 వేలు పడింది. రూము రాత్రికి 3 వేలు. ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 1,500, ఐదు రాత్రులకి 7,500. భోజనాలు, ప్రవేశ టికెట్లు 5,500. మాకు మిగిలేది వెయ్యి. కూడితే 20 వేలు. అంటే ధర పక్కన కనిపించే "ట్విన్ షేరింగ్" అన్న చిన్న మాటలో 7,500 దాగి ఉంది. రూములో రెండో మనిషి ఉన్నంతవరకే ఆ 20 వేలు నిజం.

ఈ కుటుంబంలో ఎనిమిది మంది నాలుగు రూముల్లో సర్దుకున్నారు. తొమ్మిదో ఆయన, ఇంటి పెద్దాయన, విడిగా ఒక రూము అడిగారు. ఆయన ఒక్కరే పడుకున్నా హోటల్ రూము మొత్తానికి 15 వేలు తీసుకుంటుంది. ఆయన ధరలో ఉన్నది సగమే. ఆ మిగతా సగం, 7,500, సింగిల్ రూమ్ సప్లిమెంట్. ఒంటరిగా వచ్చినందుకు జరిమానా వేశారని చాలామంది బాధపడతారు. ఆ డబ్బు మా చేతికి రాదు, నేరుగా హోటల్‌కి పోతుంది. కొన్ని హోటళ్లు ఒక్కరికైతే రేటు కొంచెం తగ్గిస్తాయి. అలాంటి చోట సప్లిమెంటు కూడా ఆ మేరకు తగ్గాలి. ఎవరి దగ్గర టూర్ తీసుకున్నా ఈ మాట అడగండి, మొహమాటపడకండి.

పిల్లల విషయానికొస్తే, "సగం టికెట్" అన్న అలవాటే చిక్కు తెస్తుంది. బస్సులో పిల్లాడికి కూడా ఒక సీటు కావాలి, అది సగం చేయడం కుదరదు. తగ్గేది భోజనాలు, టికెట్ల దగ్గరే: 5,500 బదులు 2,750. రూము సంగతి మంచం మీద ఆధారపడుతుంది. అమ్మానాన్నల మంచం మీదే పడుకుంటే రూము ఖర్చు లేదు, ఎక్స్‌ట్రా బెడ్ వేయిస్తే హోటల్ రాత్రికి 800 తీసుకుంటుంది. అందుకే సీటుకి 6 వేలు, భోజనాలు టికెట్లకి 2,750, మాకు మిగిలే వెయ్యి కలిపి నాలుగేళ్ల పాపకి 9,750 వేశాం, విడిగా మంచం అడిగిన తొమ్మిదేళ్ల బాబుకి 13,750 వేశాం. ధర మార్చేది వయసు కన్నా ఎక్కువగా సీటూ మంచమూ. ఒళ్లో కూర్చునే పసిబిడ్డకి మేం బస్సు ఖర్చు అసలు వేయం.

ఇక మా లోపం సంగతి. 10 శాతం అంటే తలకి 2 వేలు. ఆ 2 వేలు మా లాభంలోంచి ఇచ్చేది కాదు, మాకు మిగిలేదే వెయ్యి. బస్సు నిండడం వల్ల వచ్చేది అది. 1,20,000ని ఇరవై మంది బదులు ముప్పై మంది పంచుకుంటే తలకి 6 వేలు కాస్తా 4 వేలవుతుంది. ఈ కుటుంబం చేరేసరికి మా బస్సులో ముప్పై ఒకరయ్యారు, కాబట్టి తగ్గింపు ఇచ్చాం. కానీ పెద్దవాళ్లకే ఇచ్చాం. పిల్లల ధరలో తగ్గింపు ముందే కలిసి ఉందని అనుకుని వదిలేశాం. బిల్లు గురించి అడిగిన ఆ ప్రశ్న చూశాక కాగితం మీద మళ్లీ రాసుకున్నాను. పిల్లలిద్దరూ చెరో సీటులో కూర్చున్నారు, వాళ్ల ధరలోనూ బస్సు ఖర్చు 6 వేలే ఉంది. పెద్దవాళ్లకి తగ్గినప్పుడు వాళ్లకీ తగ్గాలి. అందుకే చెరో 2 వేలు వెనక్కి పంపాం. పాపకి 7,750, బాబుకి 11,750, పెద్దవాళ్లకి 1,62,000, సప్లిమెంట్ 7,500. మొత్తం 1,89,000. చూడండి, పాపకి సగం కన్నా తక్కువే పడింది, బాబుకి ఎక్కువ పడింది.

ఇకమీదట మా కోటేషన్‌లో శాతం కనిపించదు. "సీటుకి ఇంత తగ్గింపు" అని ఉంటుంది. శాతం అని రాస్తే మొత్తం బిల్లు మీద లెక్క వేసుకుంటారు, అది మీ తప్పు కాదు. సప్లిమెంట్ మీదా, ఎక్స్‌ట్రా బెడ్ మీదా తగ్గింపు ఉండదని ఇప్పటిదాకా మేం ఎక్కడా రాయలేదు.

ఒక బిడ్డతో ఒక్కరే వచ్చే పెద్దవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. రూములో ఇద్దరే ఉంటారు కాబట్టి ఆ రెండో సగం 7,500 ఎవరో ఒకరి పేరున పడాలి. బిడ్డ ధరకే కలిపి 17,250 వేయొచ్చు, లేదా తల్లికి సప్లిమెంట్ వేసి బిడ్డకి మంచం లేని ధర వేయొచ్చు. ఎలా వేసినా మొత్తం ఒకటే. కానీ బిల్లులో రెండూ ఉంటే ఒకే సగానికి రెండుసార్లు కట్టినట్టు. మా బిల్లులోనైనా సరే, అలా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి.

మరో మార్పు. పోయిన టూర్‌లో ఇద్దరు స్నేహితులు ఒక రూము తీసుకున్నారు. బయల్దేరే ముందు వారంలో ఒకావిడ మానుకున్నారు. రెండో ఆవిడకి ఉన్నట్టుండి 7,500 అదనంగా పడింది. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. బస్సు ఎక్కే ముందు మారుమాట లేకుండా కట్టారు, ఆ మొహం నాకు ఇంకా గుర్తుంది. ఇప్పటినుంచి అలా జరిగితే ముందు మరో ఒంటరి ప్రయాణికురాలితో రూము పంచుకోవడానికి ఇష్టమేనా అని ఇద్దరినీ అడుగుతాం. కుదరకపోతే ఆ సగం మానుకున్నవాళ్ల అడ్వాన్స్‌లోంచే పోతుంది. బుకింగ్ కాగితంలో ఈ షరతు సంతకానికి పైనే ఉంటుంది. ఆవిడ కట్టిన 7,500 కూడా తిరిగి పంపించాను.

తగ్గింపుకి మాత్రం ఒక హద్దు ఉంది. చివర్లో కొందరు మానుకుని ఇరవై నలుగురే మిగిలితే బస్సు ఖర్చు తలకి 5 వేలవుతుంది, అంటే తగ్గింపు 2 వేల బదులు వెయ్యే మిగులుతుంది. ఆ తేడా మీ మీద వేయం. బిల్లు ఇచ్చాక ఆ నష్టం మేమే భరిస్తాం. కాబట్టి ముప్పై సీట్లకీ అడ్వాన్సులు అందాకే తగ్గింపు ధర రాసిస్తాం. అప్పటిదాకా 20 వేలే అనుకుని మీ లెక్క వేసుకోండి.