మీ నాయనమ్మ అరిసెల కాగితం చదివేశాను

పర్లాకిమిడి

ఒరేయ్,

నువ్వు ఫోన్‌లో పంపిన ఫొటో చేరింది. మీ నాయనమ్మ చేతిరాత ఎంత గుండ్రంగా ఉందిరా! సిరా వెలిసినా చాలావరకు చదవగలిగాను. నువ్వు మాత్రం ఈ కాగితం చూసి హైదరాబాదులో అరిసెలు మొదలుపెట్టకు. ముందు ఈ ఉత్తరం చదువు.

నీకు టెన్షన్ పెట్టింది బెల్లం లెక్కే కదా. బియ్యం ‘మానెడు’, గుడ ‘శే 2’ అని ఉంది. గుడ అంటే ఒడియాలో బెల్లమే. ఆ 2 అంకె పక్కన నిలువు గీత ఒకటి కనిపిస్తోంది. పాత రాతలో అంకె పక్కన నిలువు గీత ఒకటైతే పావు, రెండైతే అర, మూడైతే ముప్పావు. కాబట్టి రెండుంపావు శేర్లా అనిపించింది. ఫొటో పెద్దది చేసి చూస్తే ఆ గీత కింది వరసలోకి కూడా దిగిపోయింది. అది కాగితం మడత నీడ. రెండు శేర్లే.

ఇక ఏ శేరు? ఇవాళ ఇక్కడ ఎవరినడిగినా శేరంటే కిలోకి కాస్త తక్కువంటారు. అది 80 తులాల శేరు, సుమారు 933 గ్రాములు. కానీ ఇప్పుడు ఒడిశాలో ఉన్న మన ఊరు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అక్కడి తూకంలో వీశెకి ఐదు శేర్లు, శేరుకి 24 తులాలు. అంటే దాదాపు 280 గ్రాములు. మీ నాయనమ్మ ఏది వాడారో కాగితం చెప్పదు, బియ్యం చెబుతాయి.

అందుకే మీ పిన్నిగారింటికి వెళ్లాను. అటక మీది ఇత్తడి సోల దింపించి, నీళ్లు నిండా పోసి కాటా మీద పెట్టాం. నీళ్ల బరువు 240 గ్రాములు, అంటే 240 మిల్లీలీటర్లు. అదే సోలలో బియ్యం అంచుకి తలకొట్టి తూస్తే 200 గ్రాములు, గోపురంగా పోస్తే 230. మానెడంటే నాలుగు సోలలు కాబట్టి బియ్యం 800 నుంచి 920 గ్రాములు. పెద్ద శేరైతే ఆ బియ్యానికి 1,866 గ్రాముల బెల్లం పడుతుంది. అది అరిసె కాదు, పాకం మడుగు! చిన్న శేరైతే 560 గ్రాములు. కిలో బియ్యానికి 600 నుంచి 700 గ్రాముల బెల్లం వేసే మన ఇళ్ల లెక్కకి అది సరిగ్గా సరిపోయింది. తలకొట్టారా, గోపురంగా పోశారా అన్నదానికి రెండు రకాలుగానూ కుదురుతోంది, కాబట్టి దాని గురించి బెంగపడకు.

‘పిడికెడు రాసి’ అన్నచోట రాశిగా పోయాలని నువ్వు అనుకున్నావట. అవి నువ్వులురా, ఒడియాలో రాశి అంటారు. ‘గుజురాతి నాలుగు’ ఏలకులు. మీ నాయనమ్మ బజారు ఒడియా వాళ్లతోనే కదా, ఆ పేర్లే చేతికి వచ్చేశాయి.

చేసే పద్ధతి మూడే ముక్కలు రాశారు: ‘తడి ఆరకముందు దంచి, ఉండ పాకం, పిండి పట్టినంత’. ఆవిడకి అంతే చాలు. నేను నీకోసం కింద వేరే రంగు సిరాతో విప్పి రాశాను. ఆవిడ మాటల్లో ఒక్కటీ మార్చలేదు, ఏది ఆవిడది, ఏది నాది అన్నది ఎప్పటికీ తెలియాలి.

బియ్యం రాత్రంతా నాని, వడకట్టి, బట్ట మీద కాసేపే ఆరాలి. పిండి గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి. పొడిపొడిగా రాలిపోతే తడి పోయినట్టే, అరిసె గట్టిగా వస్తుంది. పాకాన్ని చన్నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి చూడు. కరిగిపోతే ఇంకా కాలేదు. వేళ్లతో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి, ఆ క్షణమే దింపాలి. గిన్నెకి కొడితే టంగుమని మోగిందంటే ముదిరిపోయింది, అరిసెలు రాయి. లేతగా దింపితే నూనెలో విచ్చుకుపోతాయి.

‘పట్టినంత’ దగ్గరే కొలత పనిచేయదు. పిండి తడిని బట్టి, పాకాన్ని బట్టి మారుతుంది. అందుకే పిండి అంతా ఒకేసారి కుమ్మరించకు. గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలుపు, గరిటె ఎత్తితే చలిమిడి ముద్దగా జారాలి, అప్పుడు ఆపు. గుప్పెడు పిండి పక్కన ఉంచుకుని ముందు ఒక్క అరిసె వేసి చూడు. విచ్చుకుంటే ఆ పిండి కలుపు.

కాగితం కింది అంచున ఇంకో మాట ఉంది, సగం చిరిగింది. ‘నె’ తర్వాత ఏమీ కనపడటం లేదు. నెయ్యి కావచ్చు, కానీ వేయించడానికా, చేతికి రాసుకోవడానికా అన్నది తేలాలి. కాగితం కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా ఇంకో ఫొటో తీసి పంపు. కలం ఒత్తిన గుర్తు కనిపిస్తే చదివేస్తాను. ఈలోగా మీ అమ్మగారిని కూడా అడుగు, అరిసెలు నూనెలో తీసేవారా, నేతిలోనా అని.

ఉంటాను మరి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.