సిమ్ మీది నంబర్ గురించి ఇన్నాళ్ళూ నేను చెప్పిన తప్పు

"అన్నా, ఫోన్ పోయింది, సిమ్ కూడా దాంతోపాటే పోయింది. సిమ్ విరిచి తీసుకున్న ప్లాస్టిక్ కార్డు మాత్రం ఉంది, దాని మీద పొడుగు నంబర్ ఉంది. దాంతో అదే సిమ్ మళ్ళీ వస్తుందా?"

రాదు తమ్ముడూ. ఇందులో నా తప్పు కూడా ఉంది. బెంగళూరు మారతహళ్ళిలో మొబైల్ షాపు పెట్టినప్పటి నుంచి "ఈ నంబర్ జాగ్రత్తగా దాచుకోండి, ఇదే మీ సిమ్ గుర్తింపు" అని అందరికీ చెప్తూ వచ్చాను. నోటుబుక్కులో రాసి పెట్టాను కూడా. ఆ రాతలు మీకు పెద్దగా పనికొచ్చేవి కావు.

ఆ పొడుగు నంబర్ ప్లాస్టిక్ ముక్కకు సీరియల్ నంబర్ లాంటిది. పేరు ఐసిసిఐడి. ఫోన్ సెట్టింగ్స్‌లో `ICCID` అని కనిపించేది అదే. `*#06#` కొడితే వచ్చేది మాత్రం ఫోన్ నంబర్ కాదు, సిమ్ నంబర్ కాదు, హ్యాండ్‌సెట్‌ది. మొదటి 89 అంటే టెలికాం కార్డు, తర్వాతి 91 మన దేశం. ఆపైన కంపెనీ కోడు, కార్డు వరుస నంబర్.

టవర్‌కు కావలసింది ఇది కాదు. చిప్ లోపల ఐఎంఎస్ఐ అని ఇంకో నంబర్ ఉంటుంది, 15 అంకెలు. మొదటి 3 దేశానివి, మనకు 404 లేదా 405. తర్వాతి 2 లేదా 3 కంపెనీవి, మిగతావి మీ కనెక్షన్‌వి. దానితో పాటు తాళంచెవి లాంటి ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది కార్డు దాటి బయటికి రాదు. నెట్‌వర్క్ ఏదో ఒక సంఖ్య పంపిస్తే, కార్డు ఆ రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబిస్తుంది. జవాబు సరిపోతేనే సిగ్నల్. అందుకే బయటి నంబర్ ఫోటో ఎన్ని ఉన్నా సిమ్ తయారు కాదు.

మరి కొత్త సిమ్‌లో అదే మొబైల్ నంబర్ ఎలా వస్తుందంటే, ఆ నంబర్‌ను నడిపేది సిమ్ కాదు. కంపెనీ కంప్యూటర్‌లో "ఈ మొబైల్ నంబర్ ఈ ఐఎంఎస్ఐది" అని రాసి ఉంటుంది. నేను కొత్త కార్డు ఐసిసిఐడి కంపెనీ యాప్‌లో ఇస్తే, ఆ కార్డులో ఏ ఐఎంఎస్ఐ ఉందో కంపెనీకి తెలుసు కాబట్టి, మీ నంబర్ ఎదురుగా పాతది తీసి కొత్తది పెడుతుంది. పాత సిమ్ రేపు సోఫా కింద దొరికినా దానికి సిగ్నల్ రాదు. మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, ఓటీపీలూ అంతే. జీతం రోజున సిమ్ మార్చకండి.

పోయిన నెల స్కానర్ పనిచేయక నంబర్ చేత్తో కొట్టాను. రెండంకెలు తారుమారై యాప్ ఒప్పుకోలేదు, అరగంట పోయింది. తప్పు దానికెలా తెలిసిందంటే, చివరి అంకె పరీక్ష కోసం పెట్టింది. ఒక ఊహా నంబర్ తీసుకుందాం:

```
8991000012345678905
```

చివరి 5 పక్కన పెట్టి, కుడి నుంచి ఎడమకు వస్తూ మొదటి అంకెను రెట్టించాలి, రెండోది అలాగే ఉంచాలి, మూడోది రెట్టించాలి, ఇలా చివరిదాకా. రెట్టిస్తే 9 దాటినదాంట్లోంచి 9 తీసేయాలి. అన్నీ కూడితే 75. పై పదికి, అంటే 80కి, 5 తక్కువ. అదే చివరి అంకె. 78ని 87 అని కొడితే మొత్తం 74 అవుతుంది, చివర 6 రావాలి, దొరికిపోతాం. కానీ 90ని 09 అని కొడితే మొత్తం మారదు, ఈ లెక్క పట్టుకోలేదు. అందుకని ఇప్పుడు స్కానర్ లేకపోతే ఇద్దరం చదివి సరిచూసుకుంటున్నాం. కొన్ని కార్డుల మీద చివర ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, అది ఈ లెక్కలోకి రాదు.

ఇంకొకటి. "కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, 4జీ అప్‌గ్రేడ్" అంటూ ఎవరో ఒక పొడుగు నంబర్ పంపి, దాన్ని కంపెనీకి ఎస్సెమ్మెస్ చేయమంటారు. ఆ నంబర్ మీ సిమ్‌ది కాదు, వాళ్ళ చేతిలోని ఖాళీ కార్డుది. 89తో మొదలైతే అనుమానించండి. అది పంపి, తర్వాత వచ్చే నిర్ధారణకు సరే అన్నారంటే, నేను యాప్‌లో చేసే పనే మీరు వాళ్ళకోసం చేసినట్టు. కాసేపటికి మీ ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, మీ నంబర్ వాళ్ళ దగ్గర మోగుతుంది. అలా సిగ్నల్ హఠాత్తుగా పోతే పక్కవాళ్ళ ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు, తర్వాత కంపెనీకి చెప్పండి.

నోటుబుక్కులో మీ పేరున్న పేజీ కావాలంటే వచ్చి చింపుకొని పోండి. ఈ ఆదివారం మిగిలినవి నేనే చింపేస్తున్నాను.