నాన్నగారికి, చిన్నోడి చదువు డబ్బు గురించి

నాన్నగారికీ అమ్మకీ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. చలి తగ్గలేదు, ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది. అమ్మ మోకాలికి ఆ నూనె రాయడం మానేసి, డాక్టరు చెప్పిన వ్యాయామమే చేయమనండి. ఫోనులో అడిగితే "బానే ఉందిలే" అని తప్పించుకుంటోంది.

మొన్న ఫోనులో సగంలో ఆగిపోయిన మాట ఉత్తరంలో రాస్తున్నాను. మాట్లాడితే మీకు కోపం వస్తుంది, నాకు ఏడుపొస్తుంది, లెక్క మాత్రం తేలదు. చిన్నోడి జర్మనీ చదువుకి పీఎఫ్‌లోంచి 20 లక్షలు తీస్తానన్నారు. దయచేసి ఇప్పుడే క్లెయిమ్ పెట్టకండి. వాడు చదవొద్దని నేననడం లేదు. ఆ డబ్బు మీ పీఎఫ్‌లోంచి మాత్రం రాకూడదంటున్నాను.

ముందు మీ పెన్షన్ సంగతి. మీరు 1999లో చేరారు, 2030లో రిటైరవుతారు. పూర్తి జీతం మీద లెక్కగట్టే హయ్యర్ పెన్షన్‌కి ఆప్షన్ ఇవ్వలేదు కదా, కాబట్టి మీ చివరి జీతం ఎంతున్నా పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్‌కి సంబంధం లేదు. 2014 ఆగస్టు వరకు 6,500, ఆ తర్వాత 15,000, అంతవరకే జీతంగా లెక్క. దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. మొదటి 15 ఏళ్లకు 1,393 రూపాయలు, తర్వాతి 16 ఏళ్లకు 3,429 వస్తాయి. 20 ఏళ్లు దాటినవాళ్లకు రెండేళ్ల సర్వీసు అదనంగా కలుపుతారు, అది వేసుకున్నా నెలకు 5 వేలు అటూ ఇటూ. "పెన్షన్ ఉందిగా" అని మీరు ధీమాగా అంటున్నది ఈ 5 వేల గురించే నాన్నగారూ. మీ ఇద్దరి మందులకే దాంట్లో ఎంత పోతుందో అమ్మకి తెలుసు.

కాబట్టి మీ అసలు పెన్షన్ పీఎఫే. ఇప్పుడు 32 లక్షలుంది. ఇకమీద జమయ్యేది పక్కన పెట్టి, 8.25 శాతం వడ్డీ ఇలాగే కొనసాగితే నాలుగేళ్లలో దాదాపు 44 లక్షలవుతుంది. రిటైరయ్యాక డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు 30 లక్షలు సీనియర్ సిటిజన్ పథకంలో వేయొచ్చు. రిటైరైనవాళ్లకు 55 దాటితే చాలు, 60 నిండక్కర్లేదు. ఇప్పుడున్న 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500. మిగిలిన 14 లక్షలు ఆసుపత్రి ఖర్చులకీ, ధరలు పెరిగినప్పటికీ.

ఇప్పుడే 20 లక్షలు తీస్తే లోపల 12 మిగులుతుంది. నాలుగేళ్లకు అది పదహారున్నర లక్షలు. అంతా ఆ పథకంలోనే వేసినా నెలకు 11 వేల పైచిలుకు, చేతిలో నిల్వ ఏమీ ఉండదు. రెండు దారులకీ మధ్య తేడా ఇదే.

"లోను వడ్డీ పది శాతం, పీఎఫ్ వడ్డీ ఎనిమిదింపావు, తీయడమే లాభం" అని బాబాయి చెప్పాడన్నారు. వడ్డీ ఒక్కటే చూస్తే బాబాయి మాట తప్పు కాదు. కానీ పీఎఫ్‌లోంచి తీసింది మళ్లీ పెట్టడానికి మీకు ఉద్యోగం నాలుగేళ్లే ఉంది. లోను తీర్చడానికి చిన్నోడికి పదేళ్లుంటాయి, అదీ వాడు సంపాదించే వయసులో. ఆ ఒకటిన్నర, రెండు శాతం తేడా ఈ వ్యవధికి కట్టే ధర అనుకోండి. పైగా చదువుకి లోనిచ్చే బ్యాంకులున్నాయి, 62 ఏళ్లాయనకి ఇంటి ఖర్చులకి లోనిచ్చే బ్యాంకు ఎక్కడుంది? పీఎఫ్ తీయడం ఇప్పుడు తేలిక చేస్తున్నారు. 2025 అక్టోబరులో ట్రస్టీల బోర్డు 25 శాతం నిల్వ ఉంచి మిగతాది తీసుకోవచ్చని తీర్మానించింది. తేలికైంది కాబట్టే నాకు భయం.

ఇక వాడికి ఎంత కావాలో చూద్దాం. ఇక్కడ జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకి కొద్దిపాటి రుసుమే. వీసాకి మాత్రం ఒక ఏడాది ఖర్చు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, అందులోంచి నెలకు 992 వదులుతారు. యూరోకి నూరు రూపాయలు వేసుకుంటే సుమారు 12 లక్షలు. రెండో ఏడాదికి మరో 12. మన డిగ్రీ కాగితాలు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్, వీసా, టికెట్టు కలిపి 25 లక్షలు అనుకోండి.

చిన్నోడి లిస్టులో స్టుట్‌గార్ట్ పైన ఉంది. ఆ రాష్ట్రంలో మన దేశం పిల్లలకి సెమిస్టరుకి 1,500 యూరోలు ఫీజు, నాలుగు సెమిస్టర్లకు 6 లక్షలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు ఫీజు తీసుకుంటోంది. ఫీజు లేని రాష్ట్రాల్లోవి ముందుకు జరపమనండి. కన్సల్టెన్సీ వాళ్లు ప్రైవేటు యూనివర్సిటీ అడ్మిషన్ "త్వరగా వస్తుంది" అంటే దాని ఫీజు ఎంతో రాతలో అడగమనండి.

25 లక్షల్లో బ్యాంకు నుంచి 20, మన ఎఫ్‌డీ 7 లక్షల్లోంచి 5. విదేశీ చదువుకి ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా 15 శాతం మన వాటా అడుగుతాయి, అదీ ఒకేసారి కాదు, ఏ ఏడాది విడతకి ఆ ఏడాదే. మిగిలిన 2 లక్షల ఎఫ్‌డీ కదపకండి, దాని పని కింద రాశాను.

లోను చిన్నోడి పేరు మీద, మీరు సహ దరఖాస్తుదారు, ఇల్లు తాకట్టు. అమ్మ ఈ మాట చదివి కంగారు పడొద్దు. పొలం పెడదామంటే చాలా బ్యాంకులు వ్యవసాయ భూమి తీసుకోవు, లేదంటే నేనే అది చెప్పేదాన్ని. ఇంటికి అడిగేవి రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, ప్లాను. మనింట్లో చిక్కు పై అంతస్తే. దానికి ప్లాను అప్రూవల్ లేదు, కాబట్టి విలువ కట్టే ఆయన కింది అంతస్తే లెక్కేస్తాడు. దానికే 20 లక్షలకి సరిపడా విలువ వస్తుంది గానీ, అప్లికేషన్ పెట్టకముందే బ్యాంకు లాయరుకి చెప్పేయండి. వాళ్లంతట వాళ్లు కనిపెడితే ఫైలు నెలలు పడుకుంటుంది. దస్తావేజు అమ్మ పేరు మీద కదా, సంతకాలకి అమ్మ కూడా వెళ్లాల్సి ఉంటుంది.

ఈ ఒక్కటీ మర్చిపోవద్దు. మామూలుగా బ్యాంకు ఫీజు నేరుగా కాలేజీకి పంపుతుంది. ఇక్కడ ఫీజే లేదు, పంపాల్సింది బ్లాక్డ్ అకౌంట్‌కి, అదీ వీసా రాకముందే. బ్రాంచిలో కొందరికి ఈ పద్ధతి తెలియదు. "వీసా చూపించండి, డబ్బు వదులుతాం" అంటారు, కాన్సులేటు వాళ్లు "డబ్బు చూపించండి, వీసా ఇస్తాం" అంటారు. అందుకని శాంక్షన్ లెటర్లోనే "బ్లాక్డ్ అకౌంట్‌కి వీసాకి ముందే చెల్లింపు" అని రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు పట్టుకునే టీసీఎస్ పన్ను లోను డబ్బుకి పడదు, మన 5 లక్షలు కూడా 10 లక్షల పరిమితిలోపే.

వడ్డీ గురించి మీ భయం నాకు తెలుసు. చదువయ్యాక ఏడాది వరకు ఈఎంఐ అడగరు, కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పది శాతం చొప్పున మొదటి ఏడాది 12 లక్షల మీద నెలకు 10,000. రెండో ఏడాదీ ఆ తర్వాతి ఏడాదీ 20 లక్షల మీద నెలకు సుమారు 16,700. మూడేళ్లూ కట్టకుండా వదిలేస్తే 5 లక్షల 20 వేలు అసలులో కలుస్తుంది. పదేళ్ల ఈఎంఐ 33,300 అవుతుంది. ఎప్పటికప్పుడు వడ్డీ కట్టేస్తే 26,400. కొన్ని బ్యాంకులు ఇలా కట్టేవాళ్లకి ఒక శాతం తగ్గిస్తాయి, మన బ్రాంచిలో అడిగి రాయించుకోండి. ఆ వడ్డీ నేను పంపుతాను. "నీ సంసారం నీకుంది" అనొద్దు, మీ అల్లుడితో మాట్లాడే రాస్తున్నాను. కూతురు తండ్రికి పంపే డబ్బు మీద మీకు పన్ను కూడా ఉండదు. చదువు లోను వడ్డీకి ఇచ్చే 80ఈ పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, మీరు కొత్తదానికి మారారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ తాకట్టు లేకుండా వారంలో ఇస్తానంటుంది. వడ్డీ శాతం ఎక్కువ, పైగా చదువుకునే రోజుల్లో పేరుకున్న వడ్డీ మీద మళ్లీ వడ్డీ వేస్తారో లేదో కాగితం చూస్తే తప్ప తెలియదు. మనకి ఇల్లుండగా అటు పోనక్కర్లేదు.

అన్నీ బాగా జరుగుతాయని నేను చెప్పను. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇక్కడ 18 నెలల వీసా ఇస్తారు, కానీ లోను ఈఎంఐ 12 నెలలకే మొదలవుతుంది. మధ్యలో ఆరు నెలలు ఖాళీగా ఉంటే ఆ కిస్తీ మీ మీద పడుతుంది, తప్పితే వాడి సిబిల్‌తో పాటు మీదీ పోతుంది. 2 లక్షల ఎఫ్‌డీ అందుకే. ఏడు ఈఎంఐలకి సరిపోతుంది. దానికి మించి అవసరం పడితే అప్పుడు పీఎఫ్ సంగతి ఆలోచిద్దాం, అప్పటికైనా ఒకటి రెండు లక్షలే. చదువుతూ పని చేయడానికి ఏడాదికి 140 పూర్తి రోజుల అనుమతి ఉంది, కానీ భాష రాకపోతే మొదటి ఏడాది పని దొరకడం కష్టం. ఆ సంపాదన లెక్కలో వేయలేదు.

ఈ పేరా అమ్మకి చదివి వినిపించకండి. వాడికేమైనా అయితే లోను మీ మీదే ఉంటుంది. బ్యాంకు వాళ్లు ఒకేసారి ప్రీమియం కట్టే పాలసీ లోనులో కలిపి ఇస్తామంటారు, దాని ప్రీమియానికీ పదేళ్లు వడ్డీ కడతాం. వద్దని చెప్పి వాడి పేరున విడిగా 25 లక్షల టర్మ్ పాలసీ తీయండి. ఈ వయసులో ప్రీమియం చాలా తక్కువ. వెళ్లకముందే తీయాలి, మెడికల్ టెస్టులు అక్కడే అయిపోతాయి.

మీరేదో తనకి తక్కువ చేస్తున్నారని చిన్నోడు అనుకుంటాడేమోనని మీ బాధ. వాడితో నేను మాట్లాడాను. "లోను నా పేరు మీద ఉంటేనే నేను బుద్ధిగా ఉంటానక్కా" అన్నాడు. అన్నమాట మీద ఎన్నాళ్లుంటాడో చూద్దాం.

మామిడి ఒరుగులు ఈసారి అమ్మని పెట్టొద్దనండి, ఆ మోకాలితో డాబా ఎక్కొద్దు. కావాలంటే పిన్ని పంపుతానంది.

వచ్చే వారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి, దస్తావేజుల ఫొటోలతో కలిపి పంపండి. అవి చూశాక బ్యాంకులో ఏమేం అడగాలో ఒక కాగితం మీద రాసి పంపుతాను. అంతవరకు పీఎఫ్ పోర్టల్ తెరవకండి నాన్నగారూ.

మీ పెద్దమ్మాయి