2024–25 వార్షిక నివేదిక: బ్యాంకులో ఉన్న డబ్బు, ఈ ఏటి మిగులు

గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

లిఫ్ట్ మరమ్మతులు, సంపు శుభ్రం చేయించడం, కెమెరాల పని అనుకున్నట్టే పూర్తయ్యాయి. వాటి వివరాలు నోటీసు బోర్డులో పెట్టాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు లెక్కలకే ఇస్తున్నాం. మార్చి 31 నాటి పాస్‌బుక్ చూసి చాలామంది "ఇంత డబ్బు మిగిలింది కదా, మెయింటెనెన్స్ తగ్గించవచ్చుగా" అని అడిగారు.

ఏడాదిలో సభ్యుల నుంచి వచ్చినది రూ. 24,84,000. చెల్లించినది రూ. 20,90,000. నగదు పద్ధతిలో చూస్తే రూ. 3,94,000 మిగులు. డబ్బు చేతికి వచ్చిన రోజే రాబడి, చేయి దాటిన రోజే ఖర్చు అనుకుంటే ఈ అంకెలో తప్పేమీ లేదు.

కానీ 60 ఫ్లాట్లకు నెలకు రూ. 3,000 చొప్పున ఏడాదికి మనకు రావలసింది రూ. 21,60,000 మాత్రమే. మరి ఎక్కువ ఎలా వచ్చింది? పది కుటుంబాలు వచ్చే ఏడాది మొత్తాన్ని మార్చిలోనే కట్టేశాయి. అది రూ. 3,60,000. ఆ డబ్బుకు వాచ్‌మన్ ఇంకా కాపలా కాయలేదు, మోటారు ఇంకా నీళ్లు ఎక్కించలేదు. సేవ అందించేదాకా అది సంఘం సంపాదన కాదు, ఆ కుటుంబాలకు మనం పడ్డ బాకీ. నాలుగు ఫ్లాట్లు చివరి మూడు నెలలు కట్టలేదు. ఆ రూ. 36,000 చేతికి రాకపోయినా ఈ ఏటి రాబడే, ఎందుకంటే ఆ నెలల్లో సేవలన్నీ వాళ్లకూ అందాయి.

ఖర్చులకూ ఇదే సూత్రం. మార్చి కరెంటు, సెక్యూరిటీ బిల్లులు రూ. 1,40,000 ఏప్రిల్‌లో కట్టాం, అయినా అవి మార్చి ఖర్చే. లిఫ్ట్ వారంటీ డిసెంబరులో ముగియడంతో జనవరిలో మొదటిసారి ఏఎంసీకి ఏడాది మొత్తం రూ. 1,20,000 కట్టాం. అందులో తొమ్మిది నెలల వాటా రూ. 90,000 వచ్చే ఏడాదికి చెందుతుంది. పోయిన మార్చి నాటికి ఇలాంటి అడ్వాన్సులు, బాకీలు లేవు కాబట్టి అటునుంచి సర్దుబాటు అక్కర్లేదు. ఇలా డబ్బు ఎప్పుడు చేతులు మారినా సేవ అందిన ఏడాదికే లెక్కగట్టే అక్రూవల్ పద్ధతిలో ఖర్చు రూ. 21,40,000, మిగులు రూ. 20,000.

ఇందులోనూ ఒక జాగ్రత్త అవసరం. బాకీ ఉన్న ఫ్లాట్లలో ఒకటి మూసి ఉంది, మార్చిలో వారసుల మధ్య వివాదం మొదలైంది. దాని రూ. 9,000 వస్తుందో రాదో తెలియదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వారి అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-9 ప్రకారం, రాబడిగా రాసుకున్నాక వసూలుపై అనుమానం వస్తే రాబడిని కొట్టేయకుండా విడిగా కేటాయింపు చూపాలి. అలాగే చేశాం. అసలు మిగులు రూ. 11,000 అని తేలింది.

అందుకే మెయింటెనెన్స్ తగ్గించడం కుదరదని కార్యవర్గం అభిప్రాయం. అయితే అక్రూవల్ లెక్క ఒక్కటే చాలదు, జీతాలు ఇచ్చేది నగదుతోనే కదా. అందుకని ఇకపై రెండు పట్టికలూ ప్రతి మూడు నెలలకు బోర్డులో పెడతాం. అడ్వాన్సుగా వచ్చిన రూ. 3,60,000 వేరే ఖాతాలో ఉంచి, నెలకు రూ. 30,000 చొప్పున మాత్రమే వాడుకలోకి తీసుకునేందుకు సభ్యుల ఆమోదం కోరుతున్నాం.

కోశాధికారి,
కార్యవర్గం తరఫున